షబ్బఖైర్‌కు ముందు ఒక మాట

మేం ఇద్దరం. ఒకరం కడపలో ఉంటాం, పేపర్లో రాత్రి డెస్కు మీద పని. ఇంకొకరం కువైట్‌లో ఉంటాం, ఏసీ సామాన్ల గోడౌన్లో లెక్కలు రాసే పని. నిఖా అయ్యి పద్దెనిమిదేళ్లు. అందులో పదకొండేళ్లు ఇట్లా చెరోచోట గడిచిపోయాయి. ఈ పదకొండేళ్లలో ఒకరికొకరం షబ్బఖైర్ చెప్పుకున్న రాత్రులు లెక్కేస్తే నాలుగు వేలకు దగ్గరవుతాయి. నాలుగు వేల సార్లు అదే మాట. విసుగు పుట్టకుండా ఎట్లా చెప్పుకోవాలి? కడప, రాయచోటి, రాజంపేట వైపు మా వీధుల్లో ఎన్నో కాపురాలు ఈ ప్రశ్నతోనే తెల్లారుతున్నాయి, పొద్దుగూకుతున్నాయి.

ఇది ఇద్దరం కలిసి రాస్తున్నాం. అందుకే ఇందులో 'నేను' లేదు. పేపర్లో డేట్‌లైన్ పెట్టినట్టు ఒకర్ని కడప అంటాం, ఇంకొకర్ని కువైట్ అంటాం.

అసలు మా ఇళ్లలో గుడ్‌మార్నింగ్ ఎప్పుడుంది? అమ్మీ, అబ్బా పొద్దున లేచి ఒకరికొకరు సుబహ్ బఖైర్ చెప్పుకోవడం మేం చూళ్లేదు. 'ఉఠే క్యా', 'నాష్టా హువా క్యా' అనే అడిగేవాళ్లు. పక్కింటి తెలుగోళ్లు కూడా అంతే. 'లేచినావా', 'తిన్యావా'. శుభోదయం అనేది పుస్తకాల్లోంచి, రేడియోలోంచి వచ్చిన మాట. అంటే మా రెండు భాషల్లోనూ పొద్దుటి పలకరింపు ఒక ప్రశ్న. దానికి జవాబు కావాలి. ఆ జవాబు రోజూ మారుతుంది. ఈ సంగతి మాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. అంతకు ముందు ఒక దెబ్బ తిన్నాం.

2019 ఆగస్టు. కడపలో పని ఎక్కువగా ఉన్న రోజులు. పేజీలు వదిలి ఇంటికొచ్చేసరికి ఒంటి గంటన్నర. కళ్లు మూతలు పడేవి. ఎవరో పంపిన గులాబీ పువ్వు బొమ్మ ఫోన్లో ఉండేది, మీద గుడ్‌నైట్ అని రాసి. దాన్నే కువైట్‌కు పంపి పడుకునేది. అవతలి నుంచి బొటనవేలు బొమ్మ వచ్చేది. తొమ్మిది రాత్రులు అదే పువ్వు, అదే వేలు. శుక్రవారం మాట్లాడుకోవడం అలవాటు. ఆ వారం ఓవర్‌టైం ఉందని కువైట్ తప్పించింది. పదో రోజు రాయచోటి బంధువొకాయన సెలవు మీద వచ్చి, ఇంటి గడపలోనే అడిగాడు: "ఇప్పుడెట్లుంది అన్నకు?"

కిడ్నీలో రాయి. మూడు రోజులు ఆస్పత్రిలో. తర్వాత రూంలో మంచం మీద. మనసు పాడుచేసుకుంటుందని చెప్పలేదట. మేం ఫోను తీసి ఆ తొమ్మిది రాత్రులూ వెనక్కి చూసుకున్నాం. ఏ రాత్రి ఆస్పత్రిదో, ఏ రాత్రి రూందో తెలియదు. ఒకే మాట రోజూ పంపుకుంటే నష్టం విసుగు ఒక్కటే కాదు. ఆ మాట వెనక మనిషి దాక్కోవచ్చు. ఆ నెల కువైట్ దాక్కుంది. కడప వెతకలేదు. తప్పు ఇద్దరిదీ.

అయితే షబ్బఖైర్ అనడం మానేయాలా? రోజుకొక కొత్త మాట కనిపెట్టాలా? కడప అదీ చేసి చూసింది. ఒక వారం రోజులు ఎక్కడెక్కడివో షాయరీలు ఏరి పంపింది. ఐదో రోజు కువైట్ అడిగింది: "ఇవి ఎవరికి రాసినవి?" ఆ ప్రశ్నకు జవాబు లేదు. చందమామ, గులాబీ, జుదాయీ, అన్నీ ఉన్నాయి అందులో. మేమిద్దరమే లేం.

మా నానమ్మకు వచ్చే ఉత్తరాలు గుర్తొచ్చాయి. ప్రతి ఉత్తరమూ ఒకే తీరుగా మొదలయ్యేది: ఇక్కడ అంతా ఖైరియత్, అక్కడ మీ ఖైరియత్ కోరుకుంటున్నాం. ఆ మాటకు ఎవరూ విసుక్కోలేదు. ఎందుకంటే దాని తర్వాత బర్రె ఈనిన సంగతో, గోడ కూలిన సంగతో ఉండేది. మొదటి మాట తలుపు లాంటిది. తలుపు రోజూ మార్చుకోం. లోపల ఏముందన్నదే లెక్క. మా గులాబీ బొమ్మ తలుపు మాత్రమే, వెనక ఇల్లు లేదు. 2013లో మూతపడిన టెలిగ్రామ్‌లో కూడా ఇట్లాంటి ఏర్పాటుండేది. పండగ శుభాకాంక్షలకు, పెళ్లి దీవెనలకు నంబర్లుండేవి. నంబరు చెబితే తయారుగా ఉన్న వాక్యం పోయేది. పండక్కు అది చాలు. రోజూ రాత్రికి చాలదు.

అప్పట్నించి మేం సలాం మార్చలేదు, షబ్బఖైర్ మార్చలేదు. రెంటి నడుమ ఒక్క సంగతి పెడుతున్నాం. ఆ సంగతికి డెస్కు మీద వార్తకు పెట్టే పరీక్షే పెడతాం. ఇది నిన్న కూడా రాయగలిగిందేనా? ఇంకొకరికి పంపినా సరిపోతుందా? అవును అంటే ఆపేయాలి. 'నువ్వు గుర్తొస్తున్నావు' అనేది నిన్నా రాయొచ్చు. 'ఈ పొద్దు కూరగాయల బండాయన నీ పేరు పెట్టి అడిగినాడు' అనేది ఈ రోజే రాయగలం.

రెండోది, రాత్రి మాటకు ఒక కొస వదిలేయడం. పొద్దున దాన్ని పట్టుకోవడం. అప్పుడు రెండు పలకరింపులు విడివిడిగా ఉండవు, ఒక మాట సాగుతుంటుంది. పోయిన ఏడాది ఒక వారం మా ఫోన్లో ఇట్లా ఉంది.

ఆదివారం రాత్రి, కడప: "సలాం. పిల్లి కూలర్ అట్టపెట్టెలో ఈనింది. ఎన్నో కనపడలా, చీకటి. పొద్దున చూసి చెప్తా. షబ్బఖైర్."

సోమవారం పొద్దున, కువైట్: "సలాం. మూడుంటాయి. అమ్మీ బతికుంటే పెట్టె సుద్దా వీధిలో పెట్టేది. బస్సొచ్చింది."

కడప లేచాక: "నాలుగు. ఓడినావు."

ఆ రాత్రి కువైట్: "ఓడినందుకు రూంలో ఐదుగురికీ నేనే వండినా. పప్పులో చింతపండు ఎక్కువైంది. ఎవరూ ఏమనలా, నీళ్లు మాత్రం బాగా తాగినారు. షబ్బఖైర్."

మంగళవారం రాత్రి కడప: "ఈ రోజు ఏం లేదు. నిజంగానే ఏం లేదు. షబ్బఖైర్."

ఇందులో ప్రేమ అన్న మాట ఎక్కడా లేదు. కానీ మంగళవారం నాటి 'ఏం లేదు' కూడా సంగతే. అది ఆ రోజు నిజం. ఏం లేని రోజు ఏదో ఉన్నట్టు రాస్తే పువ్వు బొమ్మకూ దానికీ తేడా ఉండదు.

మూడోది గడియారం. కువైట్ మనకు రెండున్నర గంటలు వెనక. కడపలో ఒంటి గంటన్నరకు పంపిన షబ్బఖైర్ అక్కడ పదకొండుకు చేరుతుంది. అప్పటికి కువైట్ నిద్రలో ఉంటుంది, పొద్దున ఆరుకల్లా డ్యూటీ. ఆ మాట చదివేది తెల్లవారుజామున నాలుగున్నరకు. అంటే కడప రాత్రి మాట కువైట్‌కు పొద్దుటి మాట. మొదట్లో 'పడుకున్నావా' అని రాసి, జవాబు రాక అలిగేది కడప. ఇప్పుడు రాసే వేళ కాకుండా చదివే వేళ చూసుకుని రాస్తాం. బస్సు కోసం నిలబడ్డ మనిషి అర నిమిషంలో చదివేంత, దారంతా తలుచుకునేంత.

చెడిపోయేది ఎక్కడో కూడా చెప్పాలి. ప్రశ్న విచారణ అయినప్పుడు. నీలం గీతలు పడినాయి, జవాబు లేదేం? రాత్రి రెండింటికి ఆన్‌లైన్లో ఉన్నావేం? ఇవి మేమూ అడుక్కున్నాం. ఒక మాటకు ఒక్క ప్రశ్న, అదీ రేపు జవాబిచ్చినా సరిపోయేది, అని కట్టుబాటు చేసుకున్నాం. డబ్బు, పిల్లవాడి ఫీజు, ఇంటి కొట్లాట ఇందులో రావు. అవి శుక్రవారం గొంతుతోనే మాట్లాడుకుంటాం. ఒంట్లో బాగలేకపోతే మాత్రం శుక్రవారం దాకా ఆగకూడదు. ఆ రాత్రే, ఆ ఒక్క సంగతే.

రంజాన్‌లో ఈ లెక్కంతా తిరగబడుతుంది. అక్కడ చాలాసార్లు మనకంటే ఒక రోజు ముందే నెలవంక చూస్తారు. ఇక్కడ సహరీకి లేచేటప్పటికి అక్కడ రాత్రి రెండు. ఇక్కడ ఇఫ్తార్ అయ్యి పళ్లేలు కడిగాక అక్కడ అజాఁ వినబడుతుంది. ఒకే దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చోలేని ఆ ముప్పై రోజులూ ఏం తిన్నామో రాసుకుంటాం. రాత్రి మిగిలిన ఖీమా, చారు, ఒక అరటిపండు. అంతే. దానికి మించిన సుబహ్ బఖైర్ మాకు తెలియదు.

ఇంక లిపి సంగతి. మేం ఉర్దూ మాట్లాడతాం. ఇద్దరం చదివింది తెలుగు మీడియం. ఖురాన్ చదవడానికి నేర్చిన అక్షరాలతో ఉర్దూ కూడబలుక్కుంటాం గానీ రాయలేం. అందుకని మా ఉర్దూ తెలుగు అక్షరాల్లో రాసుకుంటాం. హైదరాబాద్ చుట్టాలు చూసి నవ్వుతారు, ఇదేం ఉర్దూ అని. డెస్కు మీద మిత్రులు తొంగి చూసి, తెలుగే కదా అర్థం కాదేం అంటారు. ఇద్దరికీ జవాబు ఒకటే. ఇది మా ఇంటి భాష.

దీంట్లో మేలొకటుంది. మా దక్కనీలో ఇద్దరం 'తుమ్' అనుకుంటాం. అదే తెలుగులో రాయబోతే ఆయనకు 'మీరు', ఆమెకు 'నువ్వు' వచ్చి కూర్చుంటాయి. పైన మా మాటలు తెలుగు చేసినప్పుడు ఇద్దరికీ 'నువ్వు' పెట్టింది అందుకే. నాలుగు వేల రాత్రులు సమానంగా మాట్లాడుకున్నవాళ్లం, అచ్చులోకి వచ్చేసరికి ఎక్కువ తక్కువలు ఎందుకు కావాలి?

ఇప్పుడు కడపలో ఒంటిగంటా ఇరవై. పిల్లికూనల్లో మూడు ఇళ్లకు పోయినాయి, నాలుగోది ఎవరూ తీసుకోలా. దానికో పేరు పెట్టమని అడిగి పడుకుంటాం. జవాబు తెల్లవారుజామున వస్తుంది. షబ్బఖైర్.