సోమవారం లోపల

డంజియన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో అమెరికాలో మొదలైంది. యుద్ధాల ఆటల్లోంచి పుట్టింది. ఒకరు లోకాన్ని కల్పించి చెబుతారు, మిగతావాళ్లు ఆ లోకంలో మనుషులై ఏం చేస్తారో చెబుతారు, ఫలితం అనుమానమైనచోట పాచికలు వేస్తారు. కత్తులూ భూతాలూ లేకుండా మా వైపు ఊళ్లతో అలాంటి లోకం ఒకటి చెయ్యాలనిపించింది నాకు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన తర్వాతి వేసవి, రేపల్లె దగ్గర ఒక ఊహాగ్రామం. పద్నాలుగు పేజీలు రాశాను. ఉప్పు పట్టిన చేలు, పూడిన కాలవలు, కొట్టుకుపోయిన గట్లు, కులాల పేటలు, అన్నీ.

తెనాలిలో మా ఇంట్లో నలుగురం కూర్చున్నాం. నేను ఇరవై నిమిషాలు చదివాను. "గట్లు పోవడంతో భూములు చేతులు మారుతున్నాయని ఊళ్లో అనుకుంటున్నారు" అని ఆపాను. "అయ్యో పాపం" అంది మా పిన్ని. తర్వాత ఎవరూ మాట్లాడలేదు. చివరికి మా చెల్లెలే అడిగింది, "ఇప్పుడు మేమేం చెయ్యాలక్కా?"

ఆ ప్రశ్న వచ్చిందంటే తప్పు ఆడేవాళ్లది కాదు. ఆటలో దీన్ని హుక్ అంటారు. అంటే గాలమే. నేను వేసిన గాలానికి ఎర లేదు. అది వార్త, అంతే. వార్త విని జాలిపడటం మనకి బాగా అలవాటు. పేపర్లో రోజూ చేసే పని అదే కదా.

మళ్లీ రాశాను. ఈసారి పేజీ కూడా నిండలేదు. నాగరత్నమ్మ అనే పాత్ర. భర్త ఉప్పెనలో పోయాడు. పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద నోటిమాటగా ఇచ్చిన ఎకరం ఉంది, కాగితం లేదు. సోమవారం పొద్దున సర్వేయరొచ్చి రాళ్లు పాతుతాడు. చేను మొత్తం తనదేనని మరిది చూపించబోతున్నాడు. గురువారం సాయంత్రం రేపల్లె స్టేషన్లో ఆమె వీళ్ల దగ్గరికొచ్చి, "ఆ చేను నాదేనని చెప్పే మనిషిని ఒక్కళ్లని తీసుకురండమ్మా" అంటుంది.

అడిగే మనిషుంది, అడిగిన పనుంది, గడువుంది. వెళ్లడానికి చోట్లు కూడా కావాలి. ఒక్క దారే పెడితే అది నా కథవుతుంది, వాళ్లు నా వెనక నడుస్తారు. అందుకని మూడు పెట్టాను. రేపల్లెలో కరణం దగ్గర అడంగల్ ఉంది, చూపించడానికి డబ్బడుగుతాడు. చేను కౌలుకి చేసినతను బాపట్లలో కూతురింటికి వెళ్లిపోయాడు. చేను ఇచ్చిన అన్న తెనాలిలో ఉన్నాడు, వియ్యాలవారితో గొడవెందుకని నసుగుతాడు. రేపల్లె నుంచి బాపట్లకి రైల్లో వెళ్లాలంటే తెనాలి పోయి మారాలి. మూడు రోజుల్లో అన్నీ కుదరవు, ఏదో వదలాలి. ఏది వదలాలో తేల్చుకోవడంతోనే ఆట మొదలైపోయింది.

పాచికల్లో కూడా ఒక జాగ్రత్త నేర్చుకున్నాను. కౌలు రైతుని ఒప్పించడానికి రెండు పాచికలు కలిపి 8 రావాలనుకున్నాం. 5 పడింది. "రానన్నాడు" అంటే ఆ దారి అక్కడే మూసుకుపోతుంది. "వస్తానన్నాడు గానీ, అల్లుడితో మాట్లాడాకే అన్నాడు. సాయంత్రం రైలు తప్పిపోయింది" అన్నాను. ఓడినా కథ కదలాలి, కాకపోతే ఖరీదు పెరగాలి. ఇంకోటి, ఎవరూ ఏమీ చెయ్యకపోతే సోమవారం ఏమవుతుందో ఒక వాక్యం ముందే రాసి పెట్టుకున్నాను: రాళ్లు మరిది పేర పడతాయి. ముగింపు మాత్రం రాయలేదు.

శనివారం రాత్రికి వాళ్ల చేతిలో ఏమీ లేదు. కరణానికివ్వడానికి డబ్బు చాల్లేదు, అన్న తలుపు వేసుకున్నాడు. అప్పటిదాకా పెద్దగా మాట్లాడని మా పిన్ని అడిగింది, "ఆ చేలో నాట్లెవరేశారే?"

నా కాగితాల్లో లేదు. మాలపల్లె అని ఒక వాక్యం ఉంది, అంతే. "నాట్లేసినవాళ్లకి తెలీదూ, కూలి ఎవరి చేత్తో తీసుకున్నారో?" అంది.

నేను తడుముకున్నాను. కరణం, సర్వేయరు, మరిది, అన్న, కౌలు రైతు: తలుపులన్నీ మగవాళ్ల దగ్గరే పెట్టానని అప్పుడు చూసుకున్నాను. స్త్రీవాదినని చెప్పుకుంటూ రాసిన లోకం ఇది! ఆ చేలో నడుం వంచిన ఆడవాళ్లు నాకు దృశ్యంలో భాగమే అయ్యారు. ఆటంతా ఆపి అక్కడే ఎనిమిది పేర్లు రాసుకున్నాను, ఒక్కొక్కరికీ ఏం కావాలో పక్కన రాశాను. ఊరికే వచ్చి సాక్ష్యం చెప్పరు. ఒకామె మరిది దగ్గర అప్పులో ఉంది. ఇంకొకామెకి నాగరత్నమ్మ కిందటేడు కూలి తగ్గించి ఇచ్చింది.

"ఎంత తగ్గించింది?" అని అడిగింది పిన్ని. "ముందు అది ఇచ్చెయ్యమని చెప్తాను. నాగరత్నమ్మ దగ్గరికెళ్తున్నా."