వెనిగర్ వాసన, బేతంచెర్ల బండ

వాష్ బేసిన్ చుట్టూ వేసిన సిలికాన్ ఊడిపోతే "చవక సరుకు వేసినారు" అని తీర్పు చెప్పేస్తాం. సరుకు మంచిదే అయినా రాయికి పడకపోతే ఊడిపోతుందని ఆళ్లగడ్డలో మా అవ్వ ఇంట్లో చూశాను.

మన నంద్యాల జిల్లాలో అరుగైనా, మెట్టైనా, వంటగట్టైనా బేతంచెర్ల బండే కదా. అది నాపరాయి, అంటే సున్నపురాయి జాతి. అవ్వ వాళ్ల బేసిన్ కూడా ఆ బండ మీదే కూర్చుంది. ఏడాది కిందట వేయించిన సిలికాన్ నల్లగా బూజు పట్టి, ఒక పక్క పగులిచ్చింది. వెనక గదిలో, సరిగ్గా అవ్వ మంచం పక్కన, గోడ చెమ్మతో ఉబ్బింది. మేస్త్రీ వచ్చి బండ ఎత్తి మళ్లీ వేయాలన్నాడు. అదంతా అవ్వ పింఛను డబ్బుల్లోంచే పోవాలి.

"ఉండు నాయనా, నీళ్లు యాడ నుంచి దిగుతాండాయో ముందు చూడు" అంది అవ్వ.

ఆ మాటే సరైన మొదటి మెట్టు. అంచు తడవకుండా బేసిన్ సగం నింపి వదిలాను. కింద పైపు జాయింటుకు చుట్టిన టిష్యూ పేపర్ పొడిగానే ఉంది. తర్వాత అంచు వెంట చెంబుతో మెల్లగా నీళ్లు పోస్తే, కాసేపటికి బండ కింద చుక్కలు మొదలయ్యాయి. అంటే పైపు తప్పు కాదు, సందుదే.

పాత సిలికాన్ లాగి చూస్తే అసలు సంగతి కనపడింది. బేసిన్ వైపు గట్టిగా పట్టుకునే ఉంది. రాయి వైపు మాత్రం ఒక్క లాగుకే పట్టీలా లేచింది, దాని కింద తెల్లటి పొడి.

సిలికాన్లలో ఒక రకం ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది. పిండగానే వెనిగర్ వాసన కొడుతుంది. అద్దానికీ సిరామిక్‌కీ అది బాగా అతుకుతుంది. సున్నపురాయి మీద మాత్రం జరిగేది ఇది:

CaCO₃ + 2CH₃COOH → Ca(CH₃COO)₂ + H₂O + CO₂

వచ్చే కాల్షియం ఎసిటేట్ నీళ్లలో కరిగిపోతుంది. అంటే సిలికాన్ పట్టుకున్నది రాయిని కాదు, కరిగిపోయే పొరని. మీ బండ ఏ జాతో తెలియకపోతే కనపడని అంచు మీద నిమ్మరసం చుక్క వేయండి. బుడగలొస్తే ఈ రకం వద్దు.

కావలసింది న్యూట్రల్ క్యూర్ సిలికాన్. నంద్యాల హార్డ్‌వేర్ షాపులో "సిలికాన్ కావాలన్నా" అంటే మొదట వచ్చింది వెనిగర్ రకమే. ట్యూబు వెనక్కి తిప్పి చదవాలి. న్యూట్రల్ అని ఉండాలి, బాత్రూముకి కాబట్టి యాంటీ ఫంగల్ అని కూడా ఉండాలి. కొన్ని రకాలు రాయిలోకి నూనె మరకలా దిగుతాయి, అందుకే ముందు ఒక ముక్క బండ మీద వేసి చూసుకోవాలి. మా సందు దాదాపు 1.8 మీటర్లు. 6 మి.మీ. వెడల్పు, 6 మి.మీ. లోతుకి లెక్కేస్తే 65 మి.లీ. చాలు. 280 మి.లీ. ట్యూబు ఒక్కటి తెస్తే ఇంకా మిగులుతుంది.

పాతదాని మీద కొత్తది పూయకూడదు, ఆరిన సిలికాన్‌కి కొత్త సిలికాన్ సరిగా అతకదు. బ్లేడుతో రెండంచులూ కోసి మొత్తం తీసేశాను. బూజు ఉన్నచోట నీళ్లు కలిపిన బ్లీచ్ రాసి, పది నిమిషాలాగి కడిగాను. ఆ సమయంలో యాసిడ్ క్లీనర్ దగ్గరికి కూడా రానివ్వకండి, రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. పైగా యాసిడ్ బండనీ తినేస్తుంది. తర్వాత ఒక రోజంతా ఆరనిచ్చి, మిగిలిన జిడ్డుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను.

సందుకి రెండు వైపులా మాస్కింగ్ టేపు అంటించి, ఆగకుండా ఒకే వరసలో పిండి, వేలితో నొక్కుతూ నునుపు చేశాను. పైన పొర కట్టకముందే టేపు లాగేయాలి. ఆలస్యమైతే అంచు చిరుగుతుంది.

ఇక ఆగడమే కష్టం. సిలికాన్ ఆరేది ఎండకి కాదు, గాలిలోని తేమకి. రోజుకి సుమారు 2 నుంచి 3 మి.మీ. లోతు గట్టిపడుతుంది. మన మే నెల పొడి గాలిలో ఇంకా నెమ్మది. అందుకే మూడు రోజులు బేసిన్ వాడొద్దన్నాను. "మూడు దినాలు ముఖం పెరట్లో కడుక్కుంటే ఏం పాయె" అంది అవ్వ.

నాలుగో రోజు మళ్లీ చెంబుతో పోసి చూశాం. కింద చుక్క లేదు. బండ ఎత్తే ఖర్చు తప్పింది. గోడకి మాత్రం వెంటనే సున్నం వేయించలేదు, లోపలి చెమ్మ పోవడానికి వారాలు పడుతుంది. యాంటీ ఫంగల్ మందు కూడా ఎల్లకాలం పనిచేయదు. అంచున సబ్బు నీళ్లు నిలవకుండా రోజూ ఒక గుడ్డతో తుడిస్తే బూజు రావడం ఆలస్యమవుతుంది, అంతే.