ఏ కత్తికి ఎంత వాలు

మా డ్యుసెల్‌డార్ఫ్ వంటింట్లో కత్తులు మూడు. ఒకటి ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న జోలింగెన్‌లో తయారైన స్టెయిన్‌లెస్ కత్తి. రెండోది ఇమ్మర్‌మాన్ వీధిలోని జపాను దుకాణంలో కొన్నది. మూడోది మా ఊరి కత్తి. బూర్గంపాడు నుంచి అశ్వాపురం పోయే దారిలో, పొలాలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఉన్న కొలిమిలో, లారీ కమాను పట్టీతో కమ్మరి బాబాయి కొట్టిచ్చినది. ఈ మూడింటినీ ఒకే సానరాయి మీద నూరుతాను. వాలు మాత్రం దేనిది దానికే.

ఇక్కడి తెలుగువాళ్ళు మా ఇంటికి వచ్చినప్పుడు తరచుగా అడిగే మాట, ‘కత్తిని ఎన్ని డిగ్రీల్లో నూరాలి?’ అని. ఇంటర్నెట్టులో వెతికితే ఒకరు పదిహేను అంటారు, ఇంకొకరు ఇరవై అంటారు. ఇద్దరూ చెప్పేది నిజమే. ఏ ఉక్కు, దానితో ఏం కోస్తారు అన్నది తేలకుండా డిగ్రీల లెక్క తేలదు. కమ్మరి బాబాయి డిగ్రీల మాటే ఎత్తలేదు. కమాను ముక్కను కొలిమిలో పెట్టకముందే, ‘కూరగాయలకా, కోళ్ళకా, కంపలు కొట్టడానికా? ముందు అది చెప్పు బిడ్డా’ అన్నాడు. అన్నిటికీ అని చెప్పాను. ‘అట్లయితే మొదలు లావుంచుతా, కొస పల్చగా తీస్తా’ అన్నాడు. ఆ మాట వెనక ఎంత లెక్క ఉందో నాకు తర్వాత సాన పట్టేటప్పుడు అర్థమైంది.

ముందు అంచు సంగతి చెప్పాలి. కత్తి అంచు రెండు వాలులు కలిసే గీత. వాలు తక్కువైతే అంచు పల్చగా ఉండి ఉల్లిపాయలోకి బరువు వేయకుండానే దిగుతుంది. కానీ ఆ పల్చని అంచుకు వెనక దన్ను తక్కువ. గట్టిదేదైనా తగిలితే మెత్తటి ఉక్కు అయితే పక్కకు మడతపడుతుంది, గట్టి ఉక్కు అయితే పెచ్చు ఊడుతుంది. కాబట్టి మడతపడకుండా, పెచ్చు ఊడకుండా ఎంత పల్చగా తీయగలమో అంతే ఆ కత్తికి సరైన వాలు. నేను చెప్పే డిగ్రీలన్నీ ఒక్కో పక్కకు. ఒక్కో పక్క పదిహేను అంటే మొత్తం అంచు ముప్పై. కొందరు మొత్తం చెబుతారు, కొందరు ఒక పక్కే చెబుతారు, సగం గందరగోళం అక్కడే పుడుతుంది.

జోలింగెన్ కత్తితో మొదలుపెడతాను. ఆ ఊరి పేరుకు జర్మనీలో 1938 నుంచి చట్టం రక్షణ ఉంది. అక్కడ తయారుకాని కత్తి మీద ఆ పేరు వేయకూడదు. నా కత్తి బ్లేడు మీద ఉక్కు రకాన్ని తెలిపే అక్షరాలూ అంకెలూ చెక్కి ఉన్నాయి. వాటిలోని 50 అంటే కార్బన్ అర శాతం, చివరి 15 అంటే క్రోమియం పదిహేను శాతం. క్రోమియం తుప్పు పట్టనివ్వదు. ఈ రకం ఉక్కు గట్టిదనం రాక్‌వెల్ కొలతలో సుమారు 55 నుంచి 58 దాకా ఉంటుంది. అంటే ఓ మోస్తరు. దీన్ని పన్నెండు డిగ్రీలకు దించితే మొదటి రోజు టమాటా పొర అద్భుతంగా కోస్తుంది, నాలుగు రోజులకే అంచు పక్కకు వాలిపోతుంది. పదిహేను నుంచి ఇరవై మధ్య ఉంచితే నిలుస్తుంది. వాలిన అంచును మళ్ళీ నిలబెట్టడానికే జర్మన్ వంటిళ్ళలో గుండ్రటి ఉక్కు కడ్డీ ఉంటుంది. అది కొత్త అంచు తీయడానికి కాదు, ఒరిగిన అంచును నిటారుగా చేయడానికి. కత్తి మెత్తనిది కాబట్టే ఆ వైద్యం పనిచేస్తుంది.

జపాను కత్తికి ఆ కడ్డీ తగిలించకూడదు. నా దగ్గరున్నది వీజీ-10 అనే ఉక్కు. కార్బన్ సుమారు ఒక శాతం, గట్టిదనం అరవై చుట్టూ. ఇంత గట్టి ఉక్కు పన్నెండు డిగ్రీల వాలులోనూ వంగదు. దానికి వంగడం రాదు కూడా, పెళుసు. ఫ్రాంక్‌ఫర్ట్‌లోని ఓ స్నేహితుల ఇంట్లో ఇలాంటి కత్తితో ఫ్రీజర్‌లోంచి తీసిన మేకమాంసం ఎముకతో సహా కొట్టారు. అంచు పొడవునా అర్ధచంద్రాల్లాంటి గాట్లు. పెద్దది దాదాపు మిల్లీమీటరు లోతు. ఆ లోతు పోయేదాకా అంచంతా అరగదీసి, అప్పుడు కొత్త వాలు తీయాల్సి వచ్చింది. ఉక్కు చెడ్డదై కాదు. ఉల్లికాడలకూ చేపముక్కలకూ తీసిన వాలు అది, ఎముక కోసం తీసింది కాదు.

ఇక మా కమాను కత్తి. లారీ కమాను పట్టీ ఉక్కులో కార్బన్ అర శాతానికి కాస్త పైన ఉంటుంది. జోలింగెన్ కత్తికీ దీనికీ కార్బన్‌లో తేడా కొద్దిగానే. అయినా ఇది స్టెయిన్‌లెస్ కాదు. గుంతల్లో లారీ బరువు మోస్తూ వంగి లేచే పని కోసం చేసిన ఉక్కు కాబట్టి దెబ్బ తట్టుకోవడం దీని గుణం. మిగిలిన గుణం కొలిమి దగ్గర వస్తుంది. కమ్మరి బాబాయి కత్తి ఆకారం వచ్చాక అంచు వైపు మాత్రమే ఎర్రగా కాల్చి, అంచును మాత్రమే నీళ్ళలో ముంచాడు. అంచు గట్టిపడింది, వీపు ఇంకా వేడిగానే ఉంది. వెంటనే పైకి తీసి, ఇసుకతో రుద్ది ఒక చోట తెల్లగా చేసి చూస్తూ నిలబడ్డాడు. వీపులోని వేడి మెల్లగా అంచు వైపు పాకుతుంటే ఆ తెల్లని చోట ఎండుగడ్డి రంగు వచ్చింది, అది ముదిరి ఊదా వైపు తిరగబోతుండగా కత్తి మొత్తాన్ని నీళ్ళలో ముంచేశాడు. గడ్డి రంగు దగ్గర ఆపితే అంచు గట్టిగా, పెళుసుగా ఉంటుంది. నీలం దాకా పోనిస్తే మెత్తబడుతుంది. ఎముక కొట్టే కత్తికి ఆ రెండింటి మధ్య చోటు కావాలి. పగటి వెలుగులో కాలిన ఇనుము రంగు సరిగా తెలియదు కాబట్టే కొలిమి మీద ఎప్పుడూ చీకటి పాక ఉంటుంది.

ఇలా చేసిన కత్తికి గట్టిదనం జర్మన్ కత్తి కంటే కాస్త తక్కువే, జపాను కత్తి కంటే బాగా తక్కువ. ఆకురాయితో పరీక్షిస్తే తెలిసిపోతుంది. ఆకురాయి జపాను కత్తి అంచు మీద జారిపోతుంది, మా కత్తిని మాత్రం కొద్దిగా పట్టుకుంటుంది. అందుకే దీన్ని పదిహేనుకు దించితే నిలవదు. పిడి వైపు మూడో వంతు ఇరవై అయిదు డిగ్రీలు, అక్కడితో నాటుకోడి ఎముకలు. మిగతాది ఇరవై, దానితో సొరకాయ, గుమ్మడికాయ. బాబాయి ‘మొదలు లావు, కొస పల్చన’ అన్నది ఇదే.

డిగ్రీలు కొలవడం ఎలా? దానికి యంత్రం అక్కర్లేదు. బ్లేడు వెడల్పు స్కేలుతో కొలవండి. అంచు రాయికి ఆనించి, వీపును ఆ వెడల్పులో ఐదో వంతు ఎత్తు లేపితే సుమారు పన్నెండు డిగ్రీలు. పావు వంతు లేపితే పదిహేను. మూడో వంతైతే ఇరవైకి కాస్త తక్కువ. అయిదింట రెండు వంతులు లేపితే ఇరవై అయిదుకు దగ్గర. నా జోలింగెన్ కత్తి వెడల్పు 45 మిల్లీమీటర్లు. ఒక యూరో నాణెం మందం 2.33 మిల్లీమీటర్లు. అయిదు నాణేలు పేర్చి వీపు కింద పెడితే పదిహేను డిగ్రీలు వస్తుంది, ఆరు పెడితే పద్దెనిమిది. ఎత్తు చేతికి తెలిశాక నాణేలు తీసేసి, మణికట్టు బిగించి నూరుతాను. కమాను కత్తి వీపు మందం కాబట్టి దాని ఎత్తు వీపు మధ్య నుంచి కొలవాలి.

సరిగ్గా అదే వాలు పట్టామో లేదో తెలియడానికి అంచు వాలు మీద స్కెచ్ పెన్నుతో నల్లగా గీస్తాను. రెండుమూడు సార్లు నూరి చూస్తే, సిరా అంచు దగ్గరే మిగిలితే వీపు తక్కువ ఎత్తులో ఉంది, పైభాగంలోనే మిగిలితే వీపును ఎక్కువ ఎత్తినట్టు. అంతా ఒకేలా పోతే వాలు కుదిరినట్టు. తర్వాత ఒక పక్కే నూరుతూ, ఎదుటి పక్కన వేలి కొసతో అంచుకు అడ్డంగా తడుముతాను, అంచు వెంబడి కాదు. సన్నని గరుకు చిరుపొర తగులుతుంది. పిడి నుంచి కొస దాకా అది వచ్చాకే కత్తి తిప్పాలి. మధ్యలో ఎక్కడ రాకపోతే అక్కడ రాయి అంచును ఇంకా చేరలేదు.

ఆ చిరుపొర దగ్గరే ఉక్కుల తేడా చేతికి తెలుస్తుంది. కమాను కత్తి చిరుపొర నాలుగు తేలిక రాపుడులతో రాలిపోతుంది. స్టెయిన్‌లెస్‌ది మొండిది, ఇటు నూరితే అటు వంగుతుంది, అటు నూరితే ఇటు. దాన్ని తీయకుండా వదిలేస్తే కత్తి మొదటి కోతకు చాలా పదునుగా అనిపించి, రెండో రోజుకే మొద్దుబారుతుంది. ‘నూరినా నిలవట్లేదు’ అని చాలామంది చెప్పే బాధలో అసలు జబ్బు ఇదే. చివర్లో బరువు వేయకుండా, పక్క మార్చి పక్క, ఒక్కొక్క రాపుడే ఇస్తూ పోతే పొర తొలగుతుంది. అంచును దీపం వైపు పెట్టి చూస్తే పదునైన అంచు మెరవదు. ఎక్కడ తెల్లని గీతలా మెరిస్తే అక్కడ మొద్దు.

కత్తిపీట సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కత్తిపీట బ్లేడు చెక్కకు తగలదు. కూరగాయనే మనం దాని మీదకు రెండు చేతులతో నెడతాం. బల్ల మీద దెబ్బలు లేవు కాబట్టి మామూలు ఉక్కుతోనే పదిహేను డిగ్రీల పల్చని అంచు నిలుస్తుంది. గోదావరి బొచ్చెను మా అమ్మ దాని మీదే ముక్కలు చేస్తుంది. ముల్లు మీద కత్తి పడదు, చేపనే మెల్లగా అంచులోకి నెడుతుంది. ఒకే ఉక్కును పిడికిట పట్టి కొట్టే కత్తిగా చేస్తే ఇరవై దాటాలి, కత్తిపీటగా చేస్తే పదిహేను చాలు. ఎంత సన్నగా తీయవచ్చో హద్దు ఉక్కు చెబుతుంది, ఆ హద్దు దాకా వెళ్ళవచ్చా అన్నది పని చెబుతుంది.

సంతలో తిరిగే సాన బండి దగ్గర ఒక జాగ్రత్త కావాలి. నీళ్ళు లేకుండా చక్రం మీద గట్టిగా ఒత్తితే అంచు క్షణాల్లో నీలం తిరుగుతుంది. ఆ రంగు వచ్చిందంటే అక్కడ ఉక్కు గట్టిదనం పోయింది. పైకి పదునుగా కనిపిస్తుంది, కానీ నిలవదు. ఆ నీలం పోయేదాకా అరగదీయడం తప్ప మార్గం లేదు. చక్రం మీద పెట్టినప్పుడల్లా నీళ్ళలో ముంచమని చెప్పండి, అంచుకు వేలు తగిలిస్తే కాలకూడదు.

ఏళ్ళ తరబడి ఇలా అదే వాలులో నూరుతూ పోతే, అంచు పదునుగానే ఉన్నా క్యారెట్ కోయబోతే కోతకు బదులు పగులు వస్తుంది. అంచు వెనక మందం పెరిగిపోయిందన్నమాట. అంచు అరిగేకొద్దీ మనం బ్లేడులో లావైన భాగానికి చేరుకుంటాం. అప్పుడు అంచు వాలు కంటే చాలా తక్కువలో, దాదాపు బ్లేడు పడుకున్నంత వాలులో రెండు పక్కలా పల్చన చేసి, ఆపైన అంచు తీయాలి. జర్మన్, జపాను కత్తులకు ఇది రాయి మీద గంటల పని. కమాను కత్తిని మళ్ళీ కొలిమికే తీసుకెళ్ళవచ్చు. అయితే కాల్చి సాగదీశాక పాత పదును పూర్తిగా పోతుంది, మళ్ళీ మొదటి నుంచి అంచు ముంచి, గడ్డి రంగు కోసం చూడాలి. ఊరెళ్ళినప్పుడు ఆ పని చేయించుకునేది ఉంటే రెండు రోజుల ముందే కత్తి ఇచ్చి రావాలి.