కోడింగ్ సైట్లలో యూజర్‌నేమ్: మన పేర్లతో ఒక లెక్క

పోస్టు కొంచెం పెద్దదే, ఓపికుంటే చదవండి. ఈ ఏడాది బీటెక్‌లో, డిగ్రీ కంప్యూటర్స్‌లో చేరిన తమ్ముళ్లు చెల్లెళ్ల కోసం ముఖ్యంగా రాస్తున్నా. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. ఇలాంటి చిన్న విషయాలు చెప్పేవాళ్లు ఇంట్లో ఉండరు కదా, అందుకని.

కోడింగ్ పోటీల సైట్లో అకౌంట్ తెరిచేటప్పుడు మొదటి పెట్టెలోనే యూజర్‌నేమ్ అడుగుతుంది. కోడ్‌ఫోర్సెస్‌లో దాన్నే హ్యాండిల్ అంటారు. మనవాళ్లు చాలామంది అక్కడ ఫ్రీ ఫైర్‌లో పెట్టుకున్న పేరే కొట్టేస్తారు, లేకపోతే హీరో పేరు పక్కన 143. ఆ రోజు అది ఎవరికీ పట్టదు. మూడో ఏడాదికి వచ్చాక కంపెనీ అప్లికేషన్ ఫారంలో "మీ కోడింగ్ ప్రొఫైల్ లింకు ఇవ్వండి" అన్న గడి వస్తుంది. అప్పటికి రెండేళ్ల కష్టమంతా ఆ పేరు కిందే ఉంటుంది. `ff_killer_143` అన్న పేరు కింద మూడొందల ప్రాబ్లమ్స్ చేసి పెట్టుకున్న సీనియర్ అన్న ఒకాయన మా హాస్టల్లోనే ఉండేవాడు. ఆ లింకు ఇవ్వలేడు, ఇవ్వకుండా ఉండలేడు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. పేరు విచిత్రంగా ఉంటే ఉద్యోగం రాదని కాదు. బెలారస్‌కి చెందిన గెన్నడీ కొరోట్కెవిచ్ హ్యాండిల్ `tourist`. కోడ్‌ఫోర్సెస్ రేటింగ్‌లో 4000 దాటిన మొదటి మనిషి ఆయనే, 2024లో. ఆయన ఏ పేరు పెట్టుకున్నా ప్రపంచానికి తెలుసు. మనం 1200 కింద బూడిద రంగులోనో, కాస్త పైన ఆకుపచ్చలోనో ఉంటాం. మన పేజీ తెరిచే ఇంజనీర్‌కి మన గురించి ఏమీ తెలీదు. ఆయనకి మొదట వచ్చే అనుమానం ఒక్కటే: ఈ అకౌంట్ నిజంగా ఈ పిల్లాడిదేనా, ఇంకెవరిదో లింకు పెట్టాడా? రెజ్యూమెలోని పేరూ పేజీ మీద పేరూ కలిస్తే ఆ అనుమానం సగం పోతుంది. యూజర్‌నేమ్ చేసే పని అంతే. అంతకు మించి ఆశించొద్దు.

ఇప్పుడు అసలు లెక్క. మా రూమ్‌కి చింతూరు వైపు నుంచి ఒక తమ్ముడు వచ్చాడు. పేరు మార్చి మడకం లక్ష్మణ్ అని రాస్తున్నా. "అన్నా, ఏం పెట్టమంటావ్?" అని అడిగాడు. ముందు నీ టెన్త్ మెమో తియ్యిరా అన్నా. ఎందుకో మనవాళ్లకి వెంటనే అర్థమవుతుంది. మెమోలో MADAKAM LAXMAN అని ఉంది. ఆధార్‌లో MADKAM LAKSHMAN. బ్యాంకు పుస్తకంలో ఇంకో రకం. బడిలో చేర్పించిన సారు ఒకలా రాస్తాడు, ఆధార్ సెంటర్ అబ్బాయి తనకి వినపడినట్టు కొడతాడు. మన ఇంటిపేర్లు వాళ్ల చెవికి కొత్త మరి. తర్వాత ఇంటర్, ఇంజనీరింగ్ సర్టిఫికెట్లన్నీ టెన్త్ మెమో పేరు మీదే వస్తాయి, రెజ్యూమె కూడా అదే పేరుతో రాయాలి. కాబట్టి యూజర్‌నేమ్ స్పెల్లింగ్ కూడా మెమోదే. ఆధార్ దిద్దించుకోవడం వేరే పని, అది ఎలాగూ చేయించుకోవాలి.

పేరు తేలింది, ఇక దాన్ని కలిపి రాయడం. తమ్ముడు మొదట `laxman_madakam` అన్నాడు. చూడటానికి బాగుంది, కానీ గిట్‌హబ్‌లో అండర్‌స్కోర్ పెట్టనివ్వదు. అక్కడ అక్షరాలు, అంకెలు, మధ్యలో హైఫన్ మాత్రమే. పోనీ హైఫన్ పెడదామా అంటే ఆట్‌కోడర్ ఒప్పుకోదు, అక్కడ అండర్‌స్కోరే. కోడ్‌ఫోర్సెస్‌లో 3 నుంచి 24 అక్షరాల దాకా ఇస్తారు, ఆట్‌కోడర్‌లో 16 దాటకూడదు. ఒకే పేరు అన్ని చోట్లా ఉండాలంటే అందరి నిబంధనల్లోనూ ఇమిడేది పెట్టుకోవాలి: చిన్న ఇంగ్లిష్ అక్షరాలు, చుక్కలూ గీతలూ లేకుండా, 16 లోపు. `laxmanmadakam` పదమూడు అక్షరాలు, సరిపోయింది. మెమోలో Lakshman అని ఉండుంటే పదిహేను అయ్యేది, అదీ ఆట్‌కోడర్‌లో పట్టేది. మీ పేరు ఇంకా పొడుగైతే ఇంటిపేరు మొత్తం ఉంచి పేరుని మొదటి అక్షరానికి కుదించండి.

అండర్‌స్కోర్ వద్దనడానికి ఇంకో కారణం కూడా ఉంది. రెజ్యూమెలో లింకు కింద నీలం గీత పడుతుంది చూడండి, ఆ గీతలో అండర్‌స్కోర్ కలిసిపోతుంది. ప్రింట్ తీసిన కాగితం చూసి టైప్ చేసేవాళ్లకి అక్కడ ఖాళీ ఉన్నట్టు కనిపిస్తుంది. సున్నాని ఓ బదులు పెట్టడం, ఒకటిని ఎల్ బదులు పెట్టడం కూడా ఇంతే. ఫోన్లో అవతలి వాళ్లకి ఒక్కసారి చెప్తే తప్పు లేకుండా రాసుకోగలగాలి. లక్ష్మణ్ చేత పక్క రూమ్ వాడికి ఫోన్ చేయించి చూశాం. "ఎల్ ఏ ఎక్స్" దగ్గర తడబడలేదు కానీ మడకంలో ఒక ఏ తినేశాడు వాడు. అది మన తలరాత, స్పెల్ చేసి చెప్పాల్సిందే.

తర్వాత ఆ పేరు ఎక్కడెక్కడ ఖాళీగా ఉందో చూడాలి. NAME ఉన్నచోట మీ పేరు పెట్టి తెరవండి:

```
github.com/NAME
codeforces.com/profile/NAME
leetcode.com/u/NAME
codechef.com/users/NAME
atcoder.jp/users/NAME
```

ఎవరి పేజీ అయినా వచ్చిందంటే ఆ పేరు పోయినట్టే. రాకపోతే చాలావరకు ఖాళీ, అకౌంట్ తెరిచేటప్పుడు ఎలాగూ తెలుస్తుంది. అన్ని సైట్లలో ఇప్పుడే పోటీలు రాయక్కర్లేదు, పేరు మాత్రం ఒకేరోజు తీసి పెట్టుకోండి.

ఇక్కడే మన దగ్గర ఎప్పుడూ వచ్చే వాదన ఒకటుంది. "ఇంటిపేరు పెట్టకురా, మడకం, సోడె, ఆత్రం, బానోత్ అని కనపడితే ఎస్టీ అని తెలిసిపోతుంది, రిజర్వేషన్ క్యాండిడేట్ అనుకుని పక్కన పెడతారు" అని కొందరు సీనియర్లు చెప్తారు. ఆ భయం ఉత్తిది అని నేను అనను, వాళ్లకి ఎదురైందేదో ఉండే ఉంటుంది. కానీ ఆలోచించండి. రెజ్యూమె మీద మెమో పేరు ఉంటుంది, ఆఫర్ వచ్చాక సర్టిఫికెట్లు చూస్తారు. యూజర్‌నేమ్‌లో దాచినంత మాత్రాన ఎవరి దగ్గర దాగుతుంది? పోయేది మాత్రం ఆ పేరు కలవడం. ఇంకో సంగతి, దీన్ని తమ్ముడే కనిపెట్టాడు. ఒట్టి `laxman` ఏ సైట్లోనూ దొరకదు, `laxman123` కూడా ఎవరో తీసేసుకున్నారు. మడకం కలిపేసరికి మేం చూసిన అన్ని సైట్లలో ఖాళీ. రావులు, రెడ్డిలు పుట్టిన సంవత్సరాలు తగిలించుకుంటూ తిరగాలి, మనకి ఆ బాధ లేదు. నా మాట అయితే ఇంటిపేరు ఉంచండి. వద్దనుకునే వాళ్లది వాళ్ల ఇష్టం, అందులో తప్పు పట్టేదేం లేదు.

చెల్లెళ్ల సంగతి వేరే చెప్పాలి. పూర్తి పేరు పెడితే ఇన్‌స్టాలో వెతికి పట్టుకుని మెసేజ్‌లు పెట్టేవాళ్లు ఉంటారు. మా క్లాస్‌లో ఒకమ్మాయికి అలాగే అయింది. ఒక అక్షరం, ఇంటిపేరు చాలు. ఫొటో కూడా అక్కర్లేదు. ఇది నాదే అని చూపించడానికి రెజ్యూమెలో లింకు ఉంటుంది, గిట్‌హబ్ పేజీలో ఆ కోడింగ్ ప్రొఫైల్ లింకు పెట్టుకుంటే రెండూ ఒకదానికొకటి సాక్ష్యం.

కాలేజీల్లో ఇంకో గోల. చాలా చోట్ల, మా కాలేజీలో కూడా, "అందరూ రోల్ నంబర్‌తోనే అకౌంట్ తెరవండి, మార్కులు ఎక్కించుకోవడానికి వీలు" అంటారు. సార్లకి సుఖమే. కానీ జేఎన్‌టీయూ రోల్ నంబర్ చదవడం వచ్చినవాడికి అందులో ఏ ఏడాది చేరావో, ఏ కాలేజీయో, ఏ బ్రాంచో అన్నీ కనిపిస్తాయి. 1ఏ బదులు 5ఏ ఉంటే డిప్లొమా చేసి లేటరల్‌లో వచ్చావని కూడా. కాలేజీ అయ్యాక ఆ పది అక్షరాలు నీ స్నేహితులకే గుర్తుండవు. అలాగని కాలేజీకొకటి, నాకొకటి అని రెండు అకౌంట్లు తెరవొద్దు. ఒకే మనిషి రెండు అకౌంట్లతో పోటీ రాయడం కోడ్‌ఫోర్సెస్‌లో నిషేధం. మేం చేసింది ఏంటంటే, క్లాస్ అంతా ఒక షీట్‌లో రోల్ నంబర్ ఎదురుగా యూజర్‌నేమ్ రాసి సారుకి ఇచ్చాం. మొదట కసురుకున్నారు, తర్వాత తీసుకున్నారు.

మెయిల్ సంగతి కూడా చూసుకోండి. మనలో చాలామంది జీమెయిల్ ఈఏపీసెట్ అప్లికేషన్ వేసేటప్పుడు నెట్ సెంటర్ అన్న తెరిచిందే. పాస్‌వర్డ్ ఆయనకే తెలుసు, రికవరీ నంబర్ ఎప్పుడో పోయిన సిమ్. ఆ మెయిల్‌తో యూజర్‌నేమ్ తీసుకుంటే అకౌంట్ తాళం ఇంకొకరి చేతిలో ఉన్నట్టే. కాలేజీ ఇచ్చిన మెయిల్ కూడా వద్దు, చదువయ్యాక ఆపేస్తే ఏ సైట్ నుంచీ పాస్‌వర్డ్ మార్చుకోలేరు. కొత్త జీమెయిల్ మీరే తెరవండి, వీలైతే అదే పేరుతో. ఇప్పుడు వాడుతున్న, ఇంట్లో ఎవరూ మార్చని నంబర్ ఇవ్వండి.

ఇప్పటికే ఏదో పేరు పెట్టేసుకున్న వాళ్లు కంగారు పడొద్దు, కొత్త అకౌంట్ అసలే తెరవొద్దు. కోడ్‌ఫోర్సెస్‌లో ఏటా కొత్త సంవత్సరం చుట్టూ కొన్ని రోజులు హ్యాండిల్ మార్చుకునే వీలు ఇస్తూ వస్తున్నారు. రేటింగ్, చేసిన ప్రాబ్లమ్స్ అలాగే ఉంటాయి. డిసెంబర్ ఆఖరి వారంలో సైట్ ఒకసారి తెరిచి చూడండి. గిట్‌హబ్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఎప్పుడైనా మార్చుకోవచ్చు, కానీ దాంట్లో ఒక మెలిక ఉంది. మార్చాక పాత ప్రొఫైల్ లింకు పనిచేయదు, పైగా ఆ పాత పేరుని వేరే ఎవరైనా తీసుకోవచ్చు. అప్పుడు మీ పాత రెజ్యూమెలో లింకు నొక్కితే వాళ్ల పేజీ తెరుచుకుంటుంది. అందుకే మార్చేది అప్లికేషన్లు పంపక ముందే మార్చండి, తర్వాత రెజ్యూమెలో, లింక్డ్‌ఇన్‌లో ఉన్న ప్రతి లింకూ స్నేహితుడి ఫోన్లో నొక్కి చూడండి. మీ ఫోన్లో వద్దు, అందులో మీరు లాగిన్ అయి ఉంటారు కాబట్టి బయటివాళ్లకి కనపడేది మీకు కనపడదు.

మీ ఇంటిపేరు స్పెల్లింగ్‌తో తంటా ఏదైనా ఉంటే కింద రాయండి. లక్ష్మణ్ కూడా గ్రూప్‌లో ఉన్నాడు, వాడిప్పుడు నాకంటే బాగా చెప్తాడు.