వెనకనించి వచ్చే చెయ్యి

ఆ రోజు లాడ్ బజారునించి కొత్త లక్క గాజులు కొనుక్కొచ్చాను. మా ఇల్లు లాల్ దర్వాజా దగ్గర. చార్మినారు దాకా నడిచి వెళ్ళి, బేరమాడి, అరడజను తెచ్చుకున్న ఆనందంలో ఉన్నాను. ఇంటికొచ్చేసరికి కరెంటు లేదు. మావారు వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నారు. నలభై దాటిన వయసులో నాకేం సరదా పుట్టిందో గానీ, చప్పుడు చెయ్యకుండా వెనకనించి వెళ్ళి, ఆయన మెడ చుట్టూ చెయ్యి వేసి, రెండో అరచేత్తో నోరు మూశాను.

మరుక్షణం నేను గోడ దగ్గరున్నాను. గాజు ఒకటి విరిగి మణికట్టు గీరుకుపోయింది. ఆయన లేచి నిలబడి ఎక్కడో చూస్తున్నారు. ఊపిరి బిగబట్టి ఉంది. పేరు పెట్టి పిలిచినా పలకలేదు.

అంతటితో అయిపోతే నేనీ వ్యాసం రాసేదాన్నే కాదు. అయిదు నిమిషాల్లో కరెంటొచ్చింది. ఆయన కుదురుకుని మంచినీళ్ళు తాగారు. తర్వాత మా అమ్మాయి ముందు, "వయసొచ్చింది గానీ బుద్ధి రాలేదు నీకు. నీలాంటిదాన్ని కట్టుకున్నందుకు నన్ననాలి," అన్నారు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

పదిహేడేళ్ళ కాపురంలో ఇలాంటివి చిన్నవి చాలా జరిగాయి. చీకట్లో దగ్గరకు తీసుకుంటే ఉన్నట్టుండి బిగుసుకుపోవడం, చెయ్యి విసిరెయ్యడం, ఆ వెంటనే ఒక పుల్లవిరుపు మాట. నేనంటే ఇష్టం లేదేమో అనుకుని ఎన్ని రాత్రులు ఏడ్చానో నాకే తెలుసు. మా అత్తమ్మ నా మణికట్టుకి పసుపు అద్దుతూ ఆ రోజే మొదటిసారి నోరు విప్పింది.

"వాని తప్పు కాదు బిడ్డా. కర్ఫ్యూల నాడు జరిగింది అది," అంది.

1990 డిసెంబరు. పాతబస్తీలో అల్లర్లు చెలరేగి వందమందికి పైగా చనిపోయిన రోజులు. సుధీర్ కాకర్ అనే మనస్తత్వ విశ్లేషకుడు ఆ అల్లర్ల మీద రెండు మతాలవాళ్ళతోనూ మాట్లాడి 1996లో ఒక పుస్తకమే వేశారు. మావారికి అప్పుడు తొమ్మిదేళ్ళు. వీధిలో గుంపు వస్తోందని కేకలు వినపడితే, ఇంటిల్లిపాదీ దీపాలార్పి బియ్యం బస్తాల గదిలో దాక్కున్నారట. పిల్లాడికి దగ్గు. ఆ చప్పుడు బయటికి వెళ్ళకూడదని వాళ్ళ బాబాయి వెనకనించి ఒళ్ళో అదిమిపట్టి, నోరూ ముక్కూ కలిపి మూసేశాడు. ఊపిరాడక గిలగిలా కొట్టుకుంటుంటే ఇంకా గట్టిగా నొక్కాడు. గుంపు వెళ్ళిపోయింది. అందరూ బతికారు. ఆ సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

చూశారా! ఆ చెయ్యి శత్రువుది కాదు. ప్రేమించిన మనిషిదే. అందుకే కాబోలు, ప్రేమగా మీద పడే చెయ్యే ఆయన్ని అంత భయపెడుతోంది.

తర్వాత మేం వెళ్ళిన మానసిక నిపుణురాలు విడమరిచి చెప్పింది. మామూలు జ్ఞాపకానికి తారీఖు ఉంటుంది. ఫలానా ఏడు, ఫలానా చోట జరిగింది, అయిపోయింది అని మనసుకి తెలుసు. ప్రాణభయంలో పడ్డ జ్ఞాపకం ఒక్కోసారి తారీఖు లేకుండా ఒంట్లో ఉండిపోతుంది. చీకటి, వెనకనించి బరువు, నోటి మీద చెయ్యి కలిస్తే చాలు, బుద్ధి మేలుకోకముందే ఒళ్ళు తిరగబడుతుంది. మనిషి ఎంత దగ్గరగా ఉంటే అంత తొందరగా. ఎందుకంటే అంత దగ్గరికి వచ్చేది మనమే కదా.

ఇదంతా తెలిశాక నేను ఇంకో పొరపాటు చేశాను. మహా ఓర్పు వహించాను! కూర బాగాలేదని కంచం తోసినా, చుట్టాల ముందు చులకన చేసినా, "పాపం, కర్ఫ్యూ" అని సరిపెట్టుకున్నాను. ఒకరోజు మా అమ్మాయి అడిగింది:

"అమ్మా, నాన్న ఆఫీసులో వాళ్ళ బాస్ మీద కూడా ఇలాగే అరుస్తారా?"

నా దగ్గర జవాబు లేదు. అరవరు మరి! అక్కడ ఎంత చిరాకొచ్చినా నాలుక అదుపులోనే ఉంటుంది.

ఆ ప్రశ్నతోనే నాకు గీత కనిపించింది. చెయ్యి విసిరికొట్టిన క్షణం ఆయన చేతుల్లో లేదు. అప్పుడు ఆయన చూపు ఒకచోట నిలిచిపోతుంది, పిలిస్తే పలకరు, చేతులు చల్లబడతాయి. కానీ మంచినీళ్ళు తాగి, నా ముఖం చూసి, ఎక్కడ నొప్పి పుడుతుందో ఎంచి మరీ అనే మాట ఆయనదే. మొదటిదానికి ఓర్పు కావాలి. రెండోదానికి జవాబుదారీ కావాలి. రెండూ ఒకే మూటలో కట్టడమే నేను చేసిన తప్పు.

ఈ మాట రాత్రిపూట, పడక మీద చెప్పలేదు. ఆదివారం మధ్యాహ్నం డాబా మీద వడియాలకి కాపలా కూర్చున్నప్పుడు చెప్పాను. "మీకు జరిగినదానికి నాకు ఏడుపొస్తోందండీ. కానీ నన్ను తిట్టింది ఆ తొమ్మిదేళ్ళ పిల్లాడు కాదు, మీరు," అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నువ్వన్నది నిజమే. భయపడ్డానని చెప్పుకోవడం సిగ్గు. కోప్పడితే ఆ సిగ్గుండదు," అన్నారు.

అప్పుడు ఒక ఒప్పందం చేసుకున్నాం. నేను వెనకనించి వెళ్ళను, ముందు పలకరిస్తాను. పడగ్గదిలో చిన్న దీపం వెలుగుతుంది. ఆయన "ఆగు" అంటే చాలు, నా చెయ్యి వెనక్కి వస్తుంది. ఎందుకని అడగను, అలగను. ఆయన ఒళ్ళు బిగుసుకుంటే గట్టిగా పట్టుకుని ఓదార్చబోను, అది ఆ రాత్రి పట్టులాగే తోస్తుంది కనక. దూరంగా కూర్చుని, ఇది మన ఇల్లు, నేను ఫలానా అని మెల్లగా చెబుతాను. ఆయన పాదాలు నేల మీద ఆనించి, గోడ గడియారం చూస్తారు.

ఇక ఆయన వంతు. ఒంటరిగా ఉండాలనిపిస్తే చెప్పి వరండాలోకి వెళ్ళొచ్చు, అరగంటలో తిరిగి రావాలి. రోజుల తరబడి మౌనం కుదరదు. మాట జారితే ఎవరి ముందు జారిందో వాళ్ళ ముందే క్షమాపణ. వైద్యానికి తనంతట తనే వెళ్ళాలి. అది భయాన్ని కొద్దికొద్దిగా, వరసగా చెప్పుకుంటూ దానికి తారీఖు తగిలించే చికిత్స. ఇలా గాయాన్నే ఉద్దేశించి చేసే మాటల చికిత్సను 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా సిఫారసు చేసింది. ఆ పని నిపుణులది. భార్య పక్కమీద కూర్చుని కూపీ లాగితే పుండు రేగుతుందే గానీ మానదు.

అంతా చక్కబడిందా అంటే, లేదు. నాలుగో నెలలో మళ్ళీ ఒక మాటన్నారు. నేను ఏడవలేదు, వాదించలేదు. దిండు తీసుకుని అమ్మాయి గదిలో పడుకున్నాను. తెల్లారి కాఫీ దగ్గర, అమ్మాయి వింటుండగా, "రాత్రి నేనన్నది తప్పు," అన్నారు. పదిహేడేళ్ళలో ఆ వాక్యం నేను వినడం అదే మొదలు.

ఒక్కటి మాత్రం స్పష్టంగా చెప్పాలి. మావారిలో మార్పు కనబడుతోంది కాబట్టి నా ఓర్పుకి అర్థముంది. స్పృహలో ఉండి చెయ్యి ఎత్తే మనిషి దగ్గర, అడుగుల చప్పుడుకే గుండె దడదడలాడే ఇంట్లో, ఇలాంటి ఒప్పందాలు పనికిరావు. ఎంత దుఃఖం వెనకున్నా అది హింసే. 2005లో వచ్చిన గృహహింస చట్టం మాటలతో చేసే అవమానాన్ని కూడా హింసగానే లెక్కేసింది. అలాంటి ఇంట్లో చెయ్యవలసింది ఓపిక పట్టడం కాదు, 181కి ఫోను.

మొన్న ఆ విరిగిన గాజు పట్టుకుని లాడ్ బజారు వెళ్ళాం, ఇద్దరమూ. కొట్టతను లక్కని నిప్పుల మీద మెత్తబరిచి, అతికించి, గుండ్రంగా సరిచేసి ఇచ్చాడు. అతుకు తెలుస్తోంది గానీ గట్టిగానే ఉంది. డబ్బు తీసుకుంటూ మావారి వంక చూసి, మళ్ళీ విసిరికొడితే మాత్రం హామీ లేదు సార్ అన్నాడు. నేనేం చెప్పలేదండోయ్, అతనికెలా తెలిసిందో మరి!