కాళ్ళే ఉయ్యాల

మా మహబూబాబాద్ జిల్లా గంగారం, కొత్తగూడ వైపు గూడేల్లో పసిబిడ్డకు నూనె రాసేది నేల మీదే. అవ్వ గోడకు ఆనుకొని కాళ్ళు రెండూ చాపి, దగ్గరగా పెట్టుకుంటుంది. మోకాళ్ళ కింద ఆ రెండు కాళ్ళ నడుమ పడే పల్లంలో బిడ్డను వెల్లకిలా పడుకోబెడుతుంది. బిడ్డ తల అవ్వ పాదాల వైపు, బిడ్డ కాళ్ళు అవ్వ ఒడి వైపు. భూపాలపల్లి అడవి ఊళ్ళలోని మా చుట్టాలదీ ఇదే పద్ధతి. ఇందులో ఉన్న తెలివి మాకు బడిపంతుళ్ళమయ్యాకే అర్థమైంది. నూనె బిడ్డ జారితే జానెడు ఎత్తు కూడా పడదు, అదీ పరిచిన బొంత మీద. జనగామలో కొలువు చేసే మా వాళ్ళు మంచం మీదో బల్ల మీదో రాస్తున్నారు. అక్కడి నుంచి జారితే పడేది గచ్చు మీద.

నూనె ఎక్కువ అక్కర్లేదు. నెల బిడ్డకు చిన్న చెంచాడు చాలు. పాలు తాగి అరగంటైనా గడవాలి, లేకుంటే కక్కుతుంది. ముందు కాళ్ళు, తర్వాత చేతులు, ఛాతీ, చివరకు వీపు. అరచేతితో నిదానంగా జారవిడవాలి గానీ పిసకరాదు. పొట్ట మీద గడియారం ముల్లు తిరిగే వైపు చెయ్యి తిప్పుతారు. బొడ్డు ఊడి పుండు ఆరేదాకా అక్కడ నూనె తగలనీయరాదు. బోర్లా వేసినప్పుడు ముఖం పక్కకు తిరిగి, ముక్కు తెరుచుకొని ఉందా అని చూస్తూనే ఉండాలి. మాడు మీద నూనె అద్దితే సరే, అదమరాదు.

కొందరు అవ్వలు ముక్కులో, చెవిలో చుక్క వేస్తారు. ఇది మానాల్సిందే. నీళ్ళు పోతే బిడ్డ దగ్గుతుంది. నూనె చప్పుడు లేకుండా ఊపిరితిత్తుల్లోకి దిగి నిమ్ము చేస్తుంది. పసిబిడ్డ రొమ్ములు పిండడం కూడా అంతే, చీము పడుతుంది. మా అవ్వలతో వాదిస్తే వినరు. "చెవికి బదులు అరికాలికి రాయవ్వా" అంటే నవ్వి రాస్తారు.

ఇక నూనె సంగతి. మాది ఇప్ప నూనె, ఇప్ప పలుకులు గానుగాడించినది. చలికి నెయ్యిలా పేరుకుంటుంది. దాన్ని పొయ్యి మీద కాచకుండా, గిన్నెను ఉడుకు నీళ్ళలో పెట్టి కరిగించి, మన మణికట్టు లోపలి వైపు చుక్క వేసి చూస్తాం. కొబ్బరి నూనె కూడా సాధారణంగా పడుతుంది. ఆవ నూనె కొందరు బిడ్డలకు మంట పెడుతుంది. 2005లో అచ్చయిన ఒక పరిశోధనలో ఢాకా ఆసుపత్రిలో నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకు పొద్దుతిరుగుడు నూనె రాస్తే అంటురోగాలు తగ్గాయి. అంతమాత్రాన అలాంటి బిడ్డకు ఇంట్లో మనకు మనమే మొదలుపెట్టరాదు, ఆసుపత్రి వాళ్ళను అడగాలి.

పోయిన చలికాలం మా పక్కింటి నెల పాపకు ఐదో రోజున మెడ మడతల్లో, తొడల సందుల్లో సన్నని ఎర్ర పొక్కులు లేచాయి. అందరూ ఇప్ప నూనెను తిట్టారు. మేము ఒంటిని పరికించి చూశాం. వీపు, పిక్కలు శుభ్రంగా ఉన్నాయి. అన్ని చోట్లా రాసిన నూనె పడకపోతే పొక్కులూ అన్ని చోట్లా లేవాలి కదా. నూనె మడతల్లో నిలిచింది, దాని మీద ఉన్ని టోపీ, రెండు దుప్పట్లు, చెమట. మూడు రోజులు నూనె ఆపించాం. గోరువెచ్చని నీళ్ళతో కడిగి, మెత్తని పాత చీర ముక్కతో మడతలు అద్ది ఆరబెట్టారు. పొక్కులు అణిగాయి. తర్వాత పిక్క మీద రూపాయి బిళ్ళంత మేర అదే నూనె రాసి ఒక రోజు ఆగాం. ఎరుపు లేదు. మళ్ళీ మొదలుపెట్టారు, మడతలు వదిలేసి. అలా గాక రాసిన చోటల్లా ఎర్రబడినా, దద్దుర్లు లేచినా ఆ నూనె ఆ బిడ్డకు పడదు. పొక్కుల్లో చీము కనిపించినా, జ్వరం వచ్చినా, పాలు తాగకపోయినా ఇంటి వైద్యం కట్టిపెట్టి ఆశాను వెంటబెట్టుకొని ఆసుపత్రికి పోవాలి.

బిడ్డలు ఎక్కువగా జారేది రాసేటప్పుడు కాదు, రాశాక ఎత్తేటప్పుడు. నూనె చేతులతో చంకల కింద పట్టి ఎత్తితే బిడ్డ ఒక్కసారి విదిలించుకుంటే చాలు. మా అవ్వలు ముందు తమ చేతులు పొడిగుడ్డతో తుడుచుకుంటారు. బిడ్డ మీద పాత చీర కప్పి, చుట్టి, మెడ కింద ఒక అరచెయ్యి, పిర్రల కింద ఒక అరచెయ్యి పెట్టి ఎత్తుతారు. చర్మాన్ని కాదు, గుడ్డను పట్టుకుంటారు. నీళ్ళు పోసేటప్పుడు బిడ్డ కాళ్ళ మీదే ఉంటుంది. తుడిచే గుడ్డ చేతికి అందేంత దగ్గర ఉండాలి. అది దండెం మీద ఉంటే, నీళ్ళు కారే బిడ్డను ఒంటిచేత్తో పట్టుకొని లేవాల్సి వస్తుంది.