గొంతులో గొళ్ళెం

మా వీధిలో ఎవరింటికి ఎవరొచ్చారో గేటు చప్పుడును బట్టి చెప్పేయొచ్చు. లెక్కల మాస్టారికి మాత్రం ఆ గేటు కూడా అక్కర్లేదు. మలుపు తిరుగుతుండగానే 'ఖ్ఖుం... ఖ్ఖుం' అని వినిపిస్తుంది. మా ఆవిడ కాఫీ నీళ్ళు పడేస్తుంది. నేను చెవి, ముక్కు, గొంతు డాక్టర్నే అయినా ఏడాదిపాటు ఆ ఖ్ఖుం నాకు పక్కింటి కాలింగ్ బెల్లులాగే వినపడింది తప్ప రోగంలా వినపడలేదు. ఇంటి పక్క వైద్యం ఎప్పుడూ ఇంతే లెండి.

మొన్న చలికాలంలో ఒక సాయంత్రం మాస్టారి భార్యే ఆయన్ని వెంటబెట్టుకొచ్చింది. "డాక్టరు గారూ, పొద్దున లేచేసరికి గొంతు పూర్తిగా బొంగురు. పదింటికి కాస్త సర్దుకుంటుంది. ట్యూషన్ అయ్యేసరికి మళ్ళీ పోతుంది. ఆరు నెలలుగా ఇదే వరస. కరక్కాయ అయింది, మిరియాల కషాయం అయింది, నిమ్మకాయ తేనె అయింది, రెండు కోర్సులు యాంటీబయాటిక్కూ అయింది" అని ఏకరువు పెట్టింది. "గొంతులో ఏదో గొళ్ళెం పడినట్టుంటుందండీ, మింగితే దిగదు, కక్కితే రాదు" అన్నారు మాస్టారు.

ఇది పొట్ట నుంచి వస్తున్నదేమో అన్నాను. మాస్టారు నవ్వేశారు. "నాకు ఎసిడిటీయా? ఆవకాయ అన్నంలో మళ్ళీ ఆవకాయ నంజుకుంటాను. జన్మలో ఒక్కనాడు గుండెల్లో మంట ఎరగను" అన్నారు.

సరిగ్గా అక్కడే ఉంది కిటుకు. గుండెల్లో మంట లేకుండానే పొట్టలోని రసం గొంతుదాకా వచ్చి స్వరపేటికను పాడుచేయగలదు. దీని పేరు లారింగోఫారింజియల్ రిఫ్లక్స్. నోరు తిరక్క మేము ఎల్.పి.ఆర్. అంటాం, సైలెంట్ రిఫ్లక్స్ అని కూడా అంటాం. అమెరికాలో జేమీ కౌఫ్‌మన్ అనే గొంతు డాక్టరు 1991లో 225 మంది రోగుల మీద చేసిన పరిశీలన ప్రచురించాక ఇది మా వైద్యుల నోళ్ళలో బాగా నానింది. అలాంటి రోగుల్లో చాలామంది మాస్టారిలాగే 'నాకు మంటే లేదే' అన్నవాళ్ళు.

మంట ఎందుకుండదు? ఇంటి సంగతిలో చెబుతాను. వంటింటి గట్టు మీద చింతపండు చారు ఒలికిందనుకోండి, తడిగుడ్డతో తుడిస్తే సరి. అదే చారు పట్టుచీర మీద ఒక్క చుక్క పడితే? అన్నవాహిక వంటింటి గట్టు లాంటిది. దాని లోపలి పొర మందం. పైకి ఎగదన్నిన రసాన్ని కండరాల కదలిక మళ్ళీ కిందికి తోసేస్తుంది, మింగిన లాలాజలం మిగిలిన పులుపును కడిగేస్తుంది. రోజుకు 50 సార్ల దాకా రసం పైకి వచ్చినా అన్నవాహికకు అది మామూలే అని లెక్క. గుండెల్లో మంట వచ్చేవాళ్ళలో ఆ రసం అక్కడే ఎక్కువసేపు నిలిచిపోతుంది. భోజనం బాగా దట్టించాకనో, పడుకున్నాకనో మండుతుంది. ఎల్.పి.ఆర్. వాళ్ళలో అది అన్నవాహికలో నిలవదు. పొట్ట మూతి దగ్గరి కవాటమే కాక, అన్నవాహిక పైనున్న రెండో కవాటం కూడా దాటి, ఒక్కోసారి తుంపరలాగా గొంతుకు తగిలి వెళ్ళిపోతుంది. అదీ తరచుగా పగటిపూట, నిలబడి ఉన్నప్పుడో, వంగినప్పుడో. గట్టు మీద ఒలికినట్టే తెలియదు, చీర మీద మాత్రం మరక పడుతుంది.

ఆ మరక పడటానికి పులుపు ఒక్కటే కారణం కాదు. పొట్టలో పప్పును, గుడ్డును అరిగించే పెప్సిన్ అనే ఎంజైము ఉంది. అది రసంతోపాటు పైకి వచ్చి స్వరపేటిక పొరకు అంటుకుంటుంది. గొంతులో పులుపు తక్కువ కాబట్టి అక్కడ నిద్రపోతుంది, కానీ చావదు. మళ్ళీ పులుపు తగిలిందంటే లేచి, అరిగించడానికి వేరే ఏమీ లేక మన గొంతునే అరిగించే పనిలో పడుతుంది. నివురుగప్పిన నిప్పన్నమాట. ఆ పులుపు కింది నుంచే రావాలని రూలేమీ లేదు. ఆ లెక్కన మాస్టారి నిమ్మకాయ తేనె ఆ నిప్పు మీద విసనకర్ర విసిరినట్టే. పొద్దస్తమానం ఆయన చప్పరించే పిప్పర్మెంటు బిళ్ళలు కూడా అంతే. పుదీనా సత్తు పొట్ట మూతిని వదులు చేస్తుంది.

ఇక ఆ ఖ్ఖుం సంగతి. పొర వాచినచోట చిక్కటి కఫం అంటుకుంటుంది. దాన్ని వదిలించుకోవడానికి గొంతు సవరిస్తాం. సవరించినప్పుడల్లా రెండు స్వరతంత్రులూ ఒకదానికొకటి గట్టిగా కొట్టుకుంటాయి. ఆ దెబ్బకు మళ్ళీ వాపు, వాపుకు మళ్ళీ కఫం, కఫానికి మళ్ళీ ఖ్ఖుం. మొదట పొట్ట రాజేసింది, తరవాత గొంతే ఎగదోసుకుంటోంది. (ఈ ముక్క చదువుతూ మీరూ ఒకసారి సవరించుకున్నారు కదూ? ఫరవాలేదు, రాస్తూ నేనూ సవరించుకున్నాను.)

మాస్టారికి లెక్కలంటే ఇష్టం కదా, ఒక లెక్క ఇచ్చాను. 2002లో వచ్చిన ప్రశ్నాపత్రం ఒకటుంది. తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 5 మార్కులు. బొంగురు 4, గొంతు సవరించడం 5, కఫం 4, మింగడంలో ఇబ్బంది 0, తిన్నాకనో పడుకున్నాకనో దగ్గు 2, ఊపిరాడకపోవడం 0, విసిగించే దగ్గు 2, గొళ్ళెం పడ్డట్టుండటం 3, గుండెల్లో మంట 0. కూడితే 20. పదమూడు దాటితే అనుమానించాలి. "మంట ప్రశ్న తొమ్మిదింటిలో ఒక్కటేనా!" అని ఆశ్చర్యపోయారు. అవును, దానికి సున్నా వేసుకున్నా మిగతా ఎనిమిదింటిలో 40 దాకా తెచ్చుకోవచ్చు.

అయితే ఈ పరీక్షలో పాసైనంత మాత్రాన జబ్బు ఖాయం కాదు. ఎలర్జీతో ముక్కు వెనక నుంచి కారేవాళ్ళకూ, బీడీ సిగరెట్లు కాల్చేవాళ్ళకూ, రోజంతా అరిచి పాఠాలు చెప్పేవాళ్ళకూ ఇవే మార్కులు వస్తాయి. అందుకే మర్నాడు ఆయన్ని క్లినిక్కుకు రమ్మని, ముక్కులోంచి సన్నటి గొట్టం కెమెరా పంపి చూశాను. రెండు నిమిషాల పని. స్వరపేటిక వెనక భాగం ఎర్రగా ఉబ్బి ఉంది, తంత్రుల అంచులు నీరు పట్టినట్టున్నాయి, మధ్యలో జిగట తీగ ఒకటి సాగుతోంది. నేను వెతికింది మాత్రం అవి కాదు. కాయలు, గడ్డ, పుండు, కదలని తంత్రి ఉన్నాయేమో అని వెతికాను. లేవు. అప్పుడే నాకు ఊపిరి తిరిగింది. ఆ ఎరుపు, వాపు అంటారా, ఏ జబ్బూ లేనివాళ్ళ గొంతులోనూ కనిపిస్తాయి, సవరించి సవరించి కూడా వస్తాయి. ఎరుపు చూసి 'రిఫ్లక్సే' అని ముద్ర కొట్టేసే అలవాటు మా వాళ్ళలో బాగా ఎక్కువ. గట్టిగా తేల్చాలంటే ముక్కులోంచి సన్నటి తీగ వేసి, 24 గంటలు ఉంచి, రసం ఎంత పైకి వస్తోందో కొలవాలి. మందులకూ జాగ్రత్తలకూ లొంగనివాళ్ళకు దాన్ని చేయిస్తాం.

మరి గ్యాస్ మాత్ర వేసుకుంటే పోదా? బ్రిటన్‌లో 346 మందితో ఒక పరీక్ష చేసి 2021లో ఫలితం ప్రకటించారు. సగం మందికి లాన్సోప్రజోల్ 30 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, మిగతా సగానికి ఉత్తి మాత్ర, 16 వారాలు ఇచ్చారు. మొదట్లో అందరికీ ఆ ప్రశ్నాపత్రంలో సగటున 22 మార్కులు. చివరికి అసలు మాత్రవాళ్ళకు 17, ఉత్తి మాత్రవాళ్ళకు 16. ఉత్తి మాత్ర ఏమాత్రం వెనకబడలేదు! కారణం ఊహించడం కష్టం కాదు. ఆ మాత్ర రసంలో పులుపు తగ్గిస్తుంది గానీ రసం పైకి రావడాన్ని ఆపదు, పెప్సిన్‌నూ ఆపదు. పైగా ఆ లక్షణాలున్న అందరికీ రిఫ్లక్స్ ఉండదు. గుండెల్లో మంట ఉన్నవాళ్ళకు అదే మాత్ర బాగా పనిచేస్తుంది, అది వేరే సంగతి.

మాస్టారి దినచర్య విన్నాను. ట్యూషన్ తొమ్మిదిన్నరకు ముగుస్తుంది, పదింటికి భోజనం, పదిన్నరకు మంచం. రోజుకు ఐదు కాఫీలు. బొజ్జ మీద బిగించిన బెల్టు. మందు చీటీ కంటే ముందు ఇవే మార్చాను. ఏడింటికి రెండు బ్యాచ్‌ల మధ్య భోజనం, పడుకోవడానికి మూడు గంటల ముందే కంచం కడిగేయాలి. కాఫీ రెండుకు దించాం. బెల్టు రెండు రంధ్రాలు వదులు. మంచం తలవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టించి అరడుగు ఎత్తాం. దిండ్లు పేర్చుకుంటే నడుము దగ్గర మడతపడి పొట్ట నొక్కుకుంటుంది, అది వద్దన్నాను. నిమ్మకాయ, పిప్పర్మెంటు సెలవు. భోజనం అయ్యాక, పొట్టలోని రసం మీద తెట్టులా తేలి పైకి రానివ్వని ఆల్జినేట్ సిరప్. ట్యూషన్‌కు చిన్న మైకు.

అన్నిటికన్నా కష్టమైంది ఖ్ఖుం మానడం. అది వచ్చేలా అనిపించగానే ఒక గుక్క నీళ్ళు, నీళ్ళు లేకపోతే గట్టిగా ఒక మింగు. ఆయనకు తెలియకుండానే వచ్చేస్తుంటే భార్య భుజం తట్టాలి. మొదటి వారం ఆ భుజం కందిపోయిందని ఆయన ఫిర్యాదు.

గుండెల్లో మంట మాత్రకు రోజుల్లో తగ్గుతుంది, వాచిన గొంతు నెలలు తీసుకుంటుంది. మూడు నెలలకు మార్కులు 20 నుంచి 8కి దిగాయి. మైకు వల్లా, భోజనవేళ వల్లా, ఖ్ఖుం మానడం వల్లా, లేక కాలం వల్లా? మాస్టారు విడివిడిగా లెక్క తేల్చమన్నారు. తేలదన్నాను. ఆ బ్రిటన్ పరీక్షలో ఉత్తి మాత్రకు కూడా ఆరు మార్కులు తగ్గిన సంగతి గుర్తుచేశాను.

ఇప్పుడు మాస్టారు మలుపు తిరిగినా వినపడటం లేదు. గేటు తీసేదాకా మా ఆవిడ కాఫీ పెట్టడం లేదు. మీకు చెప్పేది ఒక్కటే. గొంతు బొంగురు నాలుగు వారాలు దాటితే దానికి మీరే పేరు పెట్టుకుని మాత్రలు మింగకండి. కెమెరాతో ఒకసారి చూపించుకోండి. పొగతాగే అలవాటున్నా, మెడలో గడ్డ తగిలినా, మింగితే నొప్పెట్టినా, తెమడలో నెత్తురు పడినా ఆ నాలుగు వారాలు కూడా ఆగొద్దు.